జడ్చర్ల ఫార్మా యూనిట్‌లో డ్యూటీ టైమ్ మార్చమని మేనేజర్‌ను అడగడం: మొదటి లెక్క నుంచి చివరి మెయిల్ దాకా

పోలేపల్లి సెజ్ లాంటి చోట ఫార్మా యూనిట్లలో షిఫ్టుల వాళ్లకు టైమ్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏదో ఒక వారం మధ్యాహ్నమో సాయంత్రమో ఇంటి పనికి దొరుకుతుంది. జనరల్ షిఫ్ట్ వాళ్లకు ఆ వీలు లేదు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు, చాలా చోట్ల వారానికి ఆరు రోజులు. ఇంట్లో సాయంత్రం 5 గంటలకు మనిషి కావాల్సిన అవసరం పడితే రెండే దారులు కనబడతాయి: లీవులు కరిగించుకోవడం, లేదంటే ఉద్యోగం మానేయడం. టైమ్ మార్చమని అడగడం మూడో దారి. దాన్ని ఎలా తయారై అడగాలో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం.

మహబూబ్‌నగర్‌లో ఉంటూ జడ్చర్ల దగ్గరి యూనిట్‌లో క్యూఏ, అంటే నాణ్యతకు పూచీపడే విభాగంలో, డాక్యుమెంటేషన్ చూసే ఒకామె ఉందనుకోండి. ఆమె పని ముఖ్యంగా రెండు. ప్రొడక్షన్ వాళ్లకు బ్యాచ్ మాన్యుఫాక్చరింగ్ రికార్డులు, అంటే బీఎంఆర్‌లు, ఇష్యూ చేయడం. బ్యాచ్ అయిపోయాక తిరిగి వచ్చిన రికార్డులను పేజీ పేజీ రివ్యూ చేయడం. ఇంట్లో మామయ్యకు డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు. దొరికిన స్లాట్ మధ్యాహ్నం 1:30కి. ఒక్కో సెషన్ దాదాపు నాలుగు గంటలు, కాబట్టి 5:30కి అయిపోతుంది. తీసుకెళ్లి దించడం భర్త చూసుకుంటాడు, కానీ సాయంత్రం అతనికి డ్యూటీ. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోవచ్చు, నీరసం ఉంటుంది, పెద్దాయనను ఒంటరిగా ఆటో ఎక్కించి పంపలేం. ఆమె 5:15కల్లా ఆస్పత్రిలో ఉండాలి.

ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. ఉద్యోగి అడిగితే టైమ్ మార్చి తీరాలని మేనేజర్‌ను కట్టడి చేసే సాధారణ చట్టం మన దగ్గర లేదు. ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పని చేసే వీలును ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రస్తావించింది కానీ, అది కూడా పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటేనే. కాబట్టి ఇక్కడ హక్కు అని వాదించి గెలిచేది ఏమీ లేదు. మేనేజర్ మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: నువ్వు లేని ఆ గంటన్నరలో నా డిపార్ట్‌మెంట్‌లో ఏం ఆగిపోతుంది? మీ తయారీ అంతా ఆ ప్రశ్నకు జవాబుగా ఉండాలి.

అడిగేదాన్ని ముందు చిన్నది చేయండి

"నాకు ఫ్లెక్సిబుల్ టైమింగ్ కావాలి సార్" అంటే మేనేజర్‌కు వినిపించేది వేరు. ఈమె ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఇక తెలియదు అని. హద్దు లేని కోరికకు ఎవరైనా ముందు వద్దనే అంటారు.

మన ఉదాహరణలో నిజమైన అవసరం వారానికి మూడు రోజులే. ఆ మూడు రోజులు 9 నుంచి 5:30కి బదులు 7:30 నుంచి 4 వరకు. మిగతా మూడు రోజులు మామూలే. గంటలు ఒక్కటీ తగ్గడం లేదు. ఇలా రోజులు, గంటలు, ఎంతకాలం అన్నీ ఒక్క వాక్యంలో పట్టేదాకా కోరికను కుదించండి: "సోమ, బుధ, శుక్రవారాల్లో 7:30 నుంచి 4 వరకు డ్యూటీ, ముందు నాలుగు వారాలు ట్రయల్‌గా."

ఇక్కడ చాలామంది ఒక మాట తొందరపడి ఇచ్చేస్తారు: "కావాలంటే మిగతా రోజులు రెండు గంటలు ఎక్కువ చేస్తాను" అని. అది వద్దు. ఫ్యాక్టరీల్లో కార్మికుల పనికి వారానికి 48 గంటల హద్దు ఉంది, దాటితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు లెక్క కట్టాలి. మీ గ్రేడ్‌కు అది వర్తించినా వర్తించకపోయినా, గంటలు అటూ ఇటూ చేసే ప్రతిపాదన చూడగానే హెచ్ఆర్ వెనక్కి తగ్గుతుంది. రోజు గంటలు రోజుకే సరిపోయేలా అడిగితే ఆ పేచీ రాదు.

ఆ గంటన్నరలో ఏం జరుగుతుందో రాసిపెట్టండి

అడగడానికి ముందు మూడు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. సాయంత్రం 4 నుంచి 5:30 మధ్య మీ దగ్గరికి వచ్చిన ప్రతి పనీ అందులో రాయండి: ఎవరు వచ్చారు, దేనికి వచ్చారు, అది ఆ క్షణమే కావాలా, కొంచెం ముందో రేపు పొద్దున్నో అయినా నడిచేదా. ఫోన్లు కూడా రాయండి. ఇది మీ సొంత నోట్ కాబట్టి బ్యాచ్ నంబర్లు, ప్రొడక్ట్ పేర్లు అందులో వద్దు.

మన ఉదాహరణలో మూడు వారాల్లో సోమ, బుధ, శుక్రవారాలు కలిపి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది సాయంత్రాల్లో 22 పనులు వచ్చాయి. అందులో 13 మర్నాడు ఉదయం 6 గంటలకు మొదలయ్యే 'ఏ' షిఫ్ట్ కోసం బీఎంఆర్ ఇష్యూ చేయమని అడిగినవి. ప్రొడక్షన్ ప్లాన్ మధ్యాహ్నానికే తేలిపోతుంది కాబట్టి ఇవి 3 గంటలకల్లా అడగగలిగేవే, అలవాటు కొద్దీ సాయంత్రం అడుగుతున్నారు. 6 పనులు రివ్యూలో రాసిన కామెంట్లకు వివరణ అడిగినవి. వాటికి జవాబు మర్నాడు పొద్దున 9కి ఇచ్చినా ఎవరి పనీ ఆగదు. మిగిలిన 3 మాత్రమే నిజంగా అప్పుడే కావాల్సినవి. ఒకసారి పేజీ పాడైతే అదనపు పేజీ ఇష్యూ చేయాల్సి వచ్చింది. రెండుసార్లు మెషిన్ ఆగిపోయి ప్లాన్ మారితే వేరే బ్యాచ్ రికార్డు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది వాదన కాదు, లెక్క. సగటున మూడు సాయంత్రాలకు ఒక్క పని ఇంకో మనిషి చూడాలి. మీ లెక్కలో ఆ అత్యవసరాలు 3 కాకుండా 12 వస్తే ఏమిటి? అప్పుడు 4 గంటలకు వెళ్తానని అడగడమే తప్పు అవుతుంది, కింద చెప్పబోయే ప్రత్యామ్నాయాల్లో ఒకదాన్ని మొదటి కోరికగా పెట్టుకోవాలి. అది ముందే మీకు తెలియడం మంచిది. ఒప్పుకున్న రెండో వారంలో ప్రొడక్షన్ మేనేజర్ మీ బాస్‌కు ఫోన్ చేసి అరిస్తే, ఆ తర్వాత ఏది అడిగినా కష్టమే.

అదే నోట్‌బుక్‌లో పొద్దున సంగతి కూడా చూడండి, ఎందుకంటే మీవల్ల డిపార్ట్‌మెంట్‌కు వచ్చే లాభం అక్కడే ఉంది. రాత్రి పూర్తయిన బ్యాచ్‌ల రికార్డులు పొద్దున మీ టేబుల్ మీద ఉంటాయి. మీరు 9కి మొదలుపెడితే కామెంట్లు ప్రొడక్షన్‌కు చేరేసరికి 11 దాటుతుంది. 'ఏ' షిఫ్ట్ సూపర్‌వైజర్ 2 గంటలకు వెళ్లిపోతాడు. ఆయన వెళ్లేలోపు సరిచేసి సంతకం పెట్టకపోతే ఆ రికార్డు మర్నాటిదాకా ఆగుతుంది. 7:30కి మొదలుపెడితే కామెంట్లు 9:30కల్లా ఆయన చేతిలో ఉంటాయి. ఆ తొమ్మిది రోజుల్లో ఇలా ఒక రాత్రి ఆగిపోయిన రికార్డులు 5 అనుకుందాం. ఆ ఐదూ తప్పకుండా తగ్గుతాయని మాట ఇవ్వకండి. "ఇవి ఎందుకు ఆగాయో చూశాను, పొద్దున్నే మొదలుపెడితే తగ్గే అవకాశం ఉంది, ట్రయల్‌లో లెక్కపెడతాను" అనండి. కొలవని దాన్ని కొలిచినట్టు చెబితే క్యూఏ మేనేజర్ ఇట్టే పట్టేస్తారు, ఆయన రోజూ చేసే పనే అది.

కవర్ చేసే మనిషి ఎవరు?

"నేను లేనప్పుడు ఫలానా ఆయన చూసుకుంటాడు" అని మామూలు ఆఫీసులో అంటే చెల్లుతుంది. ఫార్మాలో చెల్లదు. బీఎంఆర్ ఇష్యూ చేసే మనిషికి ఆ పని ఎలా చేయాలో చెప్పే ఎస్ఓపీ మీద ట్రైనింగ్ ఉండాలి, ఆ ట్రైనింగ్ రికార్డు ఫైల్‌లో ఉండాలి, ఆ పనికి అధికారికంగా అనుమతించి ఉండాలి. సిస్టమ్‌లో ప్రింట్ తీయాలంటే ఆయనకు సొంత లాగిన్ ఉండాలి. మీ పాస్‌వర్డ్ ఇచ్చి "అన్నా, కొంచెం తీసివ్వు" అనడం డేటా ఇంటెగ్రిటీ తప్పు, అంటే ఒకరు చేసిన పని రికార్డులో ఇంకొకరి పేరున పడటం. ఆడిట్‌లో బయటపడితే మీ టైమింగ్ మాత్రమే పోదు, విషయం చాలా దూరం వెళ్తుంది.

కాబట్టి మేనేజర్ దగ్గరికి వెళ్లేముందే చూసుకోండి. మీ సెక్షన్‌లో ఆ ట్రైనింగ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఎవరు? ఉంటే వాళ్లలో ఒకరితో నేరుగా మాట్లాడండి. ఆయనకు కూడా ఏదో ఒకటి దక్కాలి. మీరు 7:30కే ఉంటారు కాబట్టి పొద్దున 9 లోపు ఆయనకు వచ్చే ఇష్యూ ఫోన్లు మీరు తీసుకుంటానని చెప్పండి. ఇది దయ అడగడం కాదు, పని మార్పిడి. ట్రైనింగ్ ఉన్నవాళ్లు ఎవరూ లేకపోతే మీ మొదటి ప్రతిపాదనే మారుతుంది: ముందు రెండు వారాల్లో ఒకరికి ట్రైనింగ్ పూర్తి చేయించి, ఆ తర్వాత టైమ్ మార్పు మొదలుపెడదామని అడగాలి.

సహోద్యోగితో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. "సార్ ఒప్పుకున్నారు" అన్నట్టు మాట్లాడకండి. "సార్‌ను అడగబోతున్నాను, మీకు ఇబ్బంది లేదంటేనే మీ పేరు చెబుతాను" అనండి. మేనేజర్‌కు ఈ సంగతి ముందుగా క్యాంటీన్‌లో తెలిసిందంటే మాట మొదలవకముందే చెడుతుంది.

బస్సు, గేటు, పంచింగ్

చిన్న విషయాలే, కానీ ఎక్కువ ఏర్పాట్లు కూలేది వీటి దగ్గరే. కంపెనీ బస్సు షిఫ్ట్ టైమ్‌కే నడుస్తుంది. 7:30కి చేరే బస్సు ఉండదు, 4కి బయల్దేరేదీ ఉండదు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి యూనిట్ దాకా ఆటో. రానూపోనూ ఆ మూడు రోజుల ఖర్చు మీదే. అడగకముందే రెండు మూడుసార్లు ఆ టైమ్‌లో వెళ్లి చూడండి. సాయంత్రం 4కి పంచ్ చేసి, గేటు దగ్గర చెకింగ్ దాటి, ఆటో పట్టుకుని, బస్సెక్కి ఆస్పత్రికి చేరేసరికి నిజంగా ఎంత అవుతుందో మీకే తెలియాలి. గంటంబావు దాటితే మొత్తం లెక్క తప్పినట్టే.

ఇక పంచింగ్. హాజరు సాఫ్ట్‌వేర్‌లో మీ పేరు జనరల్ షిఫ్ట్ కోడ్ కింద ఉంటుంది. మేనేజర్ నోటిమాటగా సరేనన్నా, మీరు 4కి పంచ్ చేస్తే అది ముందుగా వెళ్లిపోయినట్టు రాసుకుంటుంది. చాలా కంపెనీల్లో ఇలాంటివి మూడు పడితే సగం రోజు లీవు కోస్తారు. నెలాఖరుకు జీతం స్లిప్ చూసుకుని లబోదిబోమనేది ఇందుకే. కాబట్టి మీ కోరికలో "ఆ మూడు రోజులకు షిఫ్ట్ కోడ్ మార్చమని హెచ్ఆర్‌కు మీరు చెప్పాలి" అన్నది కూడా ఉండాలి.

ఒక్క పేజీ నోట్

ఇది కూర్చుని మాట్లాడాక చేతిలో పెట్టడానికి. కంపెనీ మెయిల్స్ ఏ భాషలో నడుస్తాయో ఆ భాషలో రాయండి. సారాంశం ఇలా ఉంటే చాలు:

"సోమ, బుధ, శుక్రవారాల్లో నా డ్యూటీ 7:30–4:00గా నాలుగు వారాల ట్రయల్‌కు అనుమతి కోరుతున్నాను. మిగతా రోజులు 9:00–5:30 యథాతథం. కారణం: ఇంట్లో పెద్దాయనకు ఆ రోజుల్లో డయాలసిస్. గత మూడు వారాల్లో ఆ రోజుల సాయంత్రం 4 తర్వాత వచ్చిన పనులు 22. వాటిలో 19 ముందుగానో మర్నాడు ఉదయమో చేయదగినవి. 3 అప్పటికప్పుడు కావాల్సినవి. ఈ చివరి రకానికి ట్రైనింగ్ ఉన్న సహోద్యోగి ఒప్పుకున్నారు. మర్నాటి 'ఏ' షిఫ్ట్ ఇష్యూ అభ్యర్థనలు 3:00కల్లా పంపమని ప్రొడక్షన్‌ను మీ ద్వారా కోరాలి. ఆడిట్ రోజుల్లో జనరల్ షిఫ్ట్‌కే వస్తాను. ట్రయల్‌లో ఆగిన ఇష్యూలు, ఒక రాత్రి నిలిచిన రికార్డుల లెక్క ప్రతి శనివారం ఇస్తాను."

కారణం ఒక్క వాక్యంలోనే ఉండటం గమనించండి. ఇంటి కష్టం దాచనవసరం లేదు, దాచకూడదు కూడా. మనిషికి మనిషి అర్థమవుతాడు. కానీ అదే పేజీ అంతా నిండితే మేనేజర్‌కు జాలి కలుగుతుంది, సెక్షన్ ఎలా నడుస్తుందన్న భయం మాత్రం పోదు. "ఆడిట్ రోజుల్లో వస్తాను" అన్న వాక్యం రాసేముందు ఇంట్లో మాట్లాడుకోండి. ఆ రోజుల్లో మామయ్యను ఎవరు తెస్తారో తేలకుండా అది రాయకండి.

ఎప్పుడు, ఎలా అడగాలి

నెలాఖరు డిస్పాచ్ హడావిడిలో వద్దు. ఆడిట్ తేదీ పడ్డాక వద్దు. రాత్రి వాట్సాప్‌లో అసలే వద్దు. నెల మొదటి వారం తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక చాలా సెక్షన్లలో కాస్త ఊపిరి ఆడుతుంది. "సార్, డ్యూటీ టైమ్ గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి, మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని ముందురోజు అడగండి. విషయం ఏమిటో చెప్పే అడగాలి. "ఒక విషయం మాట్లాడాలి సార్" అని ఊరుకుంటే రాజీనామా ఇస్తున్నారేమోనని ఆయన టెన్షన్‌తో కూర్చుంటారు.

కూర్చున్నాక ముందు కోరిక ఒక్క వాక్యంలో, తర్వాత కారణం ఒక్క వాక్యంలో, వెంటనే 22 పనుల లెక్క. అక్కడ ఆగి ఆయన్ని మాట్లాడనివ్వండి. ఎక్కువగా వచ్చే మాట ఇది:

"చూడమ్మా, నీకిస్తే రేపు అందరూ అడుగుతరు."

దీనికి "నా కష్టం వేరు సార్" అనకండి. అందరి కష్టమూ వాళ్లకు వేరే. "అడగొచ్చు సార్. వాళ్లు కూడా ఇట్లనే మూడు వారాల లెక్క, కవర్ చేసే మనిషిని చూపిస్తేనే ఇస్తనని చెప్పండి" అనండి. ఆయనకు కావాల్సింది తర్వాతివాళ్లకు చెప్పుకోవడానికి ఒక నియమం, అది మీరే ఇస్తున్నారు.

రెండో మాట: "నాకు ఓకే, కానీ ప్లాంట్ హెడ్ ఒప్పుకోరు." ఇది కాదనడం కాదు. "ఆయన్ను అడగడానికి మీకు ఇంకేం కావాలి సార్? ఈ నోట్‌లో ఏం మార్చాలి?" అని అడిగి, ఆయన చెప్పింది ఆయన ముందే రాసుకోండి. మీ తరఫున ఆయన వెళ్లి మాట్లాడాలి, ఆయన చేతిలో సరైన కాగితం ఉండాలి.

వెనక దాచుకోవాల్సిన ప్రత్యామ్నాయాలు

ఇవి మొదటే బయటపెట్టకూడదు. మొదటి కోరిక చెప్పిన రెండు నిమిషాలకే "లేకపోతే 4:30 అయినా ఫర్వాలేదు సార్" అంటే, మొదటిది మీకే అంత ముఖ్యం కాదని అర్థం. స్పష్టంగా కాదన్నాక, ఎందుకు కాదన్నారో విన్నాక, ఆ కారణానికి సరిపోయేదే తీయండి.

సాయంత్రం మనిషి ఉండాల్సిందే అని ఆయన పట్టుబడితే, పోయే టైమ్ 4:30కి జరిపి అడగండి. డ్యూటీ 8 నుంచి 4:30 వరకు. ఆస్పత్రికి అరగంట ఆలస్యంగా చేరతారు. ఆ అరగంట పెద్దాయన పక్కన ఉండటానికి బంధువులో పక్కింటివాళ్లో దొరుకుతారా అన్నది ముందే చూసుకుని ఉండాలి.

ప్రత్యేకమైన టైమ్ ఎవరికీ ఇవ్వం, ఉన్న షిఫ్టులే అంటే, ఆ మూడు రోజులకు 'ఏ' షిఫ్ట్ అడగండి. 6 నుంచి 2 వరకు. దీనికి షిఫ్ట్ కోడ్ ఇప్పటికే ఉంది, కంపెనీ బస్సు కూడా ఉంది. హెచ్ఆర్‌కు ఇదే అన్నిటికంటే సులువు. నిజానికి చాలామందికి ఇది తట్టదు, కారణం తెల్లవారుజామున బస్సు. అయితే మీరు లేని సమయం గంటన్నర నుంచి మూడున్నర గంటలకు పెరుగుతుంది. 2 నుంచి 5:30 దాకా వచ్చే పనుల లెక్క కూడా నోట్‌బుక్‌లో ఉంటేనే దీన్ని అడగాలి. అందుకే ఆ మూడు వారాలు మధ్యాహ్నం నుంచే రాయడం మంచిది.

టైమ్ మార్పు అనే మాటే వద్దంటే, కంపెనీ ఇచ్చే షార్ట్ పర్మిషన్లు, మిగిలిన లీవులు లెక్కేసి కొద్ది వారాలు నెట్టుకురావచ్చు. నెలకు పన్నెండు, పదమూడు సెషన్లు ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువకాలం నడవదు. ఈలోగా డయాలసిస్ సెంటర్‌లో పొద్దున స్లాట్ కోసం పేరు రాయించాలి. ఈ పని మేనేజర్‌ను అడగకముందే చేసి ఉంటే ఇంకా మేలు. "పొద్దున స్లాట్‌కు కూడా అడిగి పెట్టాం, దొరికితే ఈ మార్పు అవసరమే ఉండదు" అని చెప్పగలిగితే, ఇది శాశ్వతంగా అంటుకునే వ్యవహారం కాదని ఆయనకు తెలుస్తుంది.

ఒకటి మాత్రం జాబితాలోకి రానివ్వకండి: ఇంటి నుంచి పని. ఒరిజినల్ బ్యాచ్ రికార్డు ప్రాంగణం దాటదు, రివ్యూ సంతకం చేసిన చోటే, చేసిన సమయంతోనే పడాలి. క్యూఏ మనిషి ఆ మాట అడిగితే మిగతా నోట్ మీద కూడా నమ్మకం పోతుంది. అలాగే, మానేస్తానన్న బెదిరింపు. నిజంగా మానేసే ఉద్దేశం ఉంటే అది వేరే రోజు, వేరే మాట.

సరేనన్న రోజు, కాదన్న రోజు

సరేనంటే ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రోజులు, ఏ గంటలు, కవర్ ఎవరు. హెచ్ఆర్‌ను కాపీలో పెట్టి, షిఫ్ట్ కోడ్ మారాకే మొదటి 7:30 డ్యూటీకి వెళ్లండి. ప్రొడక్షన్‌కు 3 గంటల కటాఫ్ సంగతి మేనేజర్ మెయిల్‌లోనే వెళ్లాలి, మీ నోటితో చెబితే ఎవరూ పట్టించుకోరు. మొదటి వారంలో 3 దాటాక వచ్చేవాళ్లు ఉంటారు. కోప్పడకుండా 4 లోపు ఇచ్చేయండి, కానీ లెక్కలో రాయండి. ఏర్పాటు చెడుతోందని తెలిపే గుర్తు ఒకటుంది: కవర్ చేసే సహోద్యోగి మీకు బస్సులో ఉండగా ఫోన్ చేయడం మొదలుపెడతాడు. వారంలో రెండుసార్లు అలా వచ్చిందంటే, ఆయనకు ఏదో పని పూర్తిగా అప్పజెప్పలేదన్నమాట. మర్నాడే కూర్చుని అదేంటో తేల్చుకోండి, నాలుగో వారం దాకా ఆగకండి.

కాదంటే ఒకటే ప్రశ్న అడిగి లేవండి: "ఏది మారితే మళ్లీ అడగొచ్చు సార్?" రెండో మనిషికి ట్రైనింగ్ పూర్తవడం, ఆడిట్ అయిపోవడం, కొత్త మనిషి జాయిన్ కావడం, ఇలా ఏదో ఒకటి చెబుతారు. దానికి ఒక తేదీ కూడా అడగండి. ఆ సమాధానాన్ని మర్యాదగా రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి, నిష్ఠూరంగా కాదు: "మీరు చెప్పినట్టు ట్రైనింగ్ పూర్తయ్యాక వచ్చే నెల 10న మళ్లీ కలుస్తాను సార్." ఏ కారణమూ, ఏ తేదీ రాకపోతే అప్పుడు హెచ్ఆర్‌ను కలవచ్చు. కానీ మేనేజర్‌కు "హెచ్ఆర్‌ను కూడా అడిగి చూస్తాను సార్" అని ముందే చెప్పి వెళ్లండి.

పొద్దున స్లాట్ దొరికిన రోజు, అవసరం తీరిందని మీరే మెయిల్ పెట్టి జనరల్ షిఫ్ట్‌కు తిరిగి మార్పించుకోండి, పాత షిఫ్ట్ కోడ్ మళ్లీ పడిందో లేదో ఆ నెల హాజరులో చూసుకోండి.